ఆది జాకెట్టు ఇచ్చి "ఇలాగే కుట్టండి" అన్నప్పుడు: మూడు కుట్టుబళ్ల డైరీ

ఒక ఆది జాకెట్టు, ఒక బండారులంక నూలు చీర, ఒక మనిషి. మొదటి జాకెట్టు చెడింది, రెండోది ప్రయోగానికి కుట్టాం, మూడోది సరిపోయింది. ఎక్కడ ఎంత తేడా వచ్చిందో, దేన్ని ఎందుకు మార్చామో కొలతలతో సహా రాసి పెట్టాం. గుడ్డ లెక్క మీటర్లు, సెంటీమీటర్లలో, మిగతా కొలతలన్నీ అంగుళాల్లోనే.

దశ 1: ఆది చూసి కుట్టిన మొదటి జాకెట్టు

అమలాపురంలో టైలరు దగ్గర జరిగిన మాటలు ఇంతే.

"మాస్టారూ, ఇదిగో ఆది. ఇలాగే కుట్టెయ్యండి."

"ఆయ్, అలాగేనండమ్మా. గురువారానికి తీసుకెళ్లండి."

ఆది నాలుగేళ్లుగా వాడుతున్న టూ బై టూ జాకెట్టు. ముందు భాగాలు క్రాస్ కట్, అంటే గుడ్డను ఐమూలగా కోసినవి. లైనింగు లేదు. కొత్త గుడ్డ చీరతో వచ్చిన 80 సెంటీమీటర్ల ముక్క. గంజితో ఉంది, ఒక్కసారి కూడా తడపలేదు. దీనికి లైనింగు వేయమన్నారు.

టైలరు ఆదికి హుక్కులు పెట్టి బల్ల మీద పరిచాడు. చంక కింద ఈ పక్క నుంచి ఆ పక్కకు 17½ వచ్చింది. రెట్టిస్తే 35. దానికి ఒక అంగుళం కలిపి ఛాతీ 36కి కుట్టాడు. తీసుకున్న రోజు వేసుకుంటే పట్టింది గానీ ఊపిరి తీస్తే హుక్కుల మధ్య సందులు తెరుచుకున్నాయి. ఒక్క ఉతుకు తర్వాత కొలిస్తే ఛాతీ 35½. మనిషి ఛాతీ 36.

ఉతికాక కనబడినవి ఇవి:

1. రెండో హుక్కు, మూడో హుక్కు దగ్గర గుడ్డ అడ్డంగా గీతలు పడి లాగుతోంది.
2. ముందు మెడ 7¼ లోతు ఉంది. వంగితే జారుతోంది.
3. చెయ్యి అంచు చుట్టుకొలత 11 నుంచి 10¾కి తగ్గింది. చేతి మీద అచ్చు పడుతోంది.
4. నడుము పట్టీకి పైన గుడ్డ బుడగలా ఉబ్బింది.

పక్క కుట్లు విప్పి వదులు చేద్దామంటే లోపల వదిలిన గుడ్డ అర అంగుళమే. చేనేత నూలు అంచు దారాలు త్వరగా లేచిపోతాయి కాబట్టి కుట్టు అవతల కనీసం 3/8 మిగలాలి. అంటే ఒక్కో పొరలో 1/8 మాత్రమే వదలగలం. ఒక్కో పక్క కుట్టులో ముందు పొర, వెనక పొర ఉంటాయి. రెండు పక్కలా కలిపి నాలుగు పొరలు, మొత్తం దొరికేది అర అంగుళం. దాంతో ఛాతీ మళ్లీ 36 అవుతుంది, ఊపిరికి జాగా ఏమీ మిగలదు. విప్పితే లాభం లేదని అక్కడే ఆపేశాం.

ఇప్పటిదాకా లెక్క: గుడ్డ 80 సెం.మీ., లైనింగు 80 సెం.మీ. పనికొచ్చిన జాకెట్లు: 0.

దశ 2: ఆదిని మళ్లీ చదవడం

తప్పు మొత్తం టైలరుదే అనుకుంటే మళ్లీ అదే జరుగుతుంది. ఆది అంటే ఒంటి కొలత కాదు. అందులో మూడు రకాల సంగతులు కలిసిపోయి ఉంటాయి: మొదట కుట్టినప్పుడు అనుకున్న కొలత, వాడకంలో సాగిపోయిందీ కుంచించుకుపోయిందీ, మనిషి ఓర్చుకుంటూ వచ్చినదీ. ఈ మూడింటినీ విడదీయాలి.

మొదట ఛాతీ. కప్పు ఉన్న జాకెట్టు బల్ల మీద చదునుగా పడదు. గుడ్డను మడిచి కుట్టిన డాట్లు తయారుచేసిన గుంట లోపలికి మడతపడిపోతుంది. ఆ మడతలో పోయిన గుడ్డ టేపుకు అందదు. అందుకే ఇలా కొలిచాం:

1. జాకెట్టును లోపలివైపు తిప్పి హుక్కులు విప్పేశాం.
2. వెనక భాగం ఒక్కటే పరిచి, చంక కింద పక్క కుట్టు నుంచి పక్క కుట్టు దాకా కొలిచాం: 16½.
3. ముందు భాగాలు ఒక్కొక్కటీ విడిగా, పక్క కుట్టు నుంచి హుక్కుల గీత దాకా, కప్పు ఎత్తు మీదుగా టేపును గుడ్డకు ఆనించి నడిపించాం: 10, 10.
4. కాజాల పట్టీ బయటికి వచ్చిన ముప్పావు అంగుళం కలపలేదు. హుక్కులు పెడితే అది రెండో పట్టీ కిందికి పోతుంది, చుట్టుకొలతలోకి రాదు.

మొత్తం 36½. పరిచి కొలిచిన 35కి, దీనికి అంగుళమున్నర తేడా. హుక్కులు విప్పి కొలిచేవాళ్లు ఎక్కువమంది చేసే తప్పు నాలుగో అంశంలో ఉంది. పట్టీ కలిపేసి ముప్పావు అంగుళం లూజు తెచ్చుకుంటారు.

తర్వాత పక్క కుట్లు. లోపల పాత సూది రంధ్రాల వరసలు కనిపించాయి. ఎడమ పక్క అర అంగుళం, కుడి పక్క పావు అంగుళం ఎప్పుడో వదులు చేసి ఉన్నారు. అంటే ఈ ఆది రెండు పక్కలా సమానంగా లేదు. అందుకే సగం కొలిచి రెట్టించే పద్ధతి ఇక్కడ పనికిరాదు, పూర్తి వెడల్పు కొలవాలి.

మెడ సంగతి వేరు. ముందు భాగం క్రాస్ కట్ కాబట్టి మెడ అంచు ఐమూలగా ఉంటుంది. నాలుగేళ్లు తలమీద తీయకపోయినా హుక్కుల దగ్గర పట్టి లాగడం, తడిసి ఆరేయడం వల్ల సాగుతుంది. సాగిందని ఎలా తెలుస్తుందంటే, మెడను చేత్తో లాగకుండా బల్ల మీద వదిలేస్తే అంచు అలలు అలలుగా లేస్తుంది. సాగని మెడ చదునుగా పడుకుంటుంది. ఈ ఆదిలో లోతు 7¼ చూపించింది. అలలు సర్ది పడుకోబెడితే 6½ దగ్గర ఆగింది. టైలరు సాగిన లోతునే కొత్త గుడ్డ మీద గీశాడు.

చివరగా అసలు ప్రశ్న అడిగాం. "ఈ ఆదిలో మీకు నచ్చనిదేమైనా ఉందామ్మా?" మొదటిసారి ఎవరూ అడగలేదు. జవాబు వెంటనే వచ్చింది. "వంగితే మెడ జారుతుందండి, చెయ్యి బిగుతు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అచ్చు పడుతుంది. అలవాటైపోయిందిలెండి." కొత్తదానికి తెచ్చిన ఫిర్యాదుల్లో రెండు ఆదిలోనే ఉన్నాయి. ఇలాగే అన్నారు కాబట్టి అవి కూడా యథాతథంగా దిగాయి.

దశ 3: ఒంటి కొలత పక్కన ఆది కొలత

రోజూ జాకెట్టు కింద వేసుకునే బ్రా వేసుకునే కొలిచాం. అది మారితే కప్పు ఎత్తు, డాటు చివర రెండూ మారిపోతాయి. టేపు ముందుగా స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూశాం. పాత టేపులు సాగుతాయి. మొదటి నుంచి చివరిదాకా ఒకే టేపు వాడాం.

- ఛాతీ: ఒంటిమీద 36, ఆది 36½.
- ఛాతీ కింద: ఒంటిమీద 31, ఆది 31½.
- భుజం: ఒంటిమీద 14, ఆది 14.
- భుజం నుంచి డాటు చివర: ఒంటిమీద 9¾, ఆది 9¾.
- చంక చుట్టు: ఒంటిమీద 15½, ఆది 16½.
- చంక దగ్గర చెయ్యి లావు: ఒంటిమీద 12, ఆది 12¾.
- చెయ్యి అంచు దగ్గర: ఒంటిమీద 11, ఆది 11.
- పొడవు: ఆది 14, అదే కావాలన్నారు.

చెయ్యి అంచు రెండు వరసల్లోనూ 11 ఉండటం చూడండి. సాగని గుడ్డకు చెయ్యి దగ్గర కనీసం అర అంగుళమన్నా వదులుండాలి. అచ్చు పడటానికి కారణం అక్కడే ఉంది.

ఛాతీ దగ్గర ఆదికి ఒంటికన్నా అర అంగుళమే ఎక్కువ. అయినా ఆది ఎందుకు హాయిగా ఉంది? క్రాస్ కట్ వల్ల. ఐమూలగా కోసిన గుడ్డ ఊపిరితో పాటు కొంచెం సాగి వెనక్కొస్తుంది. కొత్త ముక్క 80 సెంటీమీటర్లే, అంచు చేతులకు రావాలి, క్రాస్ కట్‌కి చాలదు. అందుకని టైలరు సాదాగా కోశాడు. చెప్పకుండా కోశాడు, అది తప్పు. కానీ గుడ్డ చాలదన్నది నిజం. పైగా లైనింగు ఉంది. పై గుడ్డ క్రాస్‌లో కోసినా లైనింగు సాదాగా ఉంటే ఆ సాగే గుణం పోతుంది, లైనింగు పట్టి ఆపేస్తుంది. కట్ మారితే కొలతలో వదులు కూడా మారాలి. సాదా కట్‌కి ఒంటి ఛాతీ మీద అంగుళం పావు కలపాలని నిర్ణయించాం: 37¼.

దశ 4: గుడ్డ తడిపి చూడటం

మొదటి జాకెట్టు కత్తిరింపులో మిగిలిన ముక్క మీద పడుగు వైపు 10, పేక వైపు 10 అంగుళాల దూరంలో రంగు దారంతో ముడులు వేసి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేశాం. లైనింగు ముక్కకూ అంతే.

- చీర గుడ్డ: పడుగు వైపు 9¾, పేక వైపు 9 7/8.
- లైనింగు: పడుగు వైపు 9½.

ఈ మూడు అంకెలతో మొదటి జాకెట్టు రోగాలు సగం తేలిపోయాయి. ఛాతీ పేక వైపు వస్తుంది, 36 కాస్తా 35½ అయింది. పొడవు పడుగు వైపు వస్తుంది. అక్కడ పై గుడ్డ కన్నా లైనింగు ఎక్కువ కుంచించుకుంది. 14 అంగుళాల మీద ఆ తేడా 3/8 దాకా ఉంటుంది. ఎక్కువైన పై గుడ్డ ఎటూ పోలేక పట్టీ పైన ఉబ్బింది.

చెయ్యి సంగతి మరీ ముఖ్యం. చీర అంచు చెయ్యి చివర రావాలని ముక్కను తిప్పి కోస్తారు. అప్పుడు చెయ్యి చుట్టుకొలత పడుగు వైపు పడుతుంది, అంటే ఎక్కువ కుంచించుకునే వైపు. ఒంటి భాగం సరిపోయి చేతులు మాత్రం బిగిశాయని వచ్చే చాలా నూలు జాకెట్లకు కారణం ఇదే.

కాబట్టి నూలు గుడ్డ, లైనింగు రెండూ నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి టైలరుకు ఇవ్వాలి. గంజి పోయాక గుడ్డ మెత్తబడి కొలత కూడా నిజం చెబుతుంది. పట్టు ముక్కను మాత్రం ఇలా నానబెట్టకూడదు. దాని కింద వేసే లైనింగును తప్పకుండా నానబెట్టాలి.

దశ 5: ప్రయోగానికి ఒక జాకెట్టు

మీటరు లైనింగు గుడ్డ తెచ్చి, నానబెట్టి, పై కొలతలతో కోశాం. విప్పడానికి వీలుగా పెద్ద కుట్లు వేశాం. ఛాతీ, మెడ మొదటిసారే కుదిరాయి. చంక కుదరలేదు. ఈ పనిలో ఎక్కువ సమయం తిన్నది చంకే.

ముందు వైపు చంక మడత దగ్గర పట్టేస్తోంది, చెయ్యెత్తితే జాకెట్టు మొత్తం పైకి లేస్తోంది. ఎంత లేస్తోందో కొలవడానికి, చెయ్యి దించి ఉన్నప్పుడు నడుము పట్టీ అంచు ఒంటిమీద ఎక్కడుందో బొట్టు పెన్సిలుతో గీత పెట్టి, చెయ్యి నిలువుగా ఎత్తించి, అంచు గీతకు ఎంత పైన ఉందో చూశాం: 1½.

చంక పట్టేస్తోందంటే చంక కింద లోతుగా తీసెయ్యడం మామూలుగా అందరూ చేసే పని. మేమూ అర అంగుళం దించాం. మళ్లీ కొలిస్తే పట్టీ 2 అంగుళాలు లేచింది. ఇంకా పాడైంది.

కారణం ఇది. చెయ్యెత్తినప్పుడు చెయ్యి గుడ్డ జాకెట్టును చంక కింది కుట్టు దగ్గర పట్టి లాగుతుంది. ఆ కుట్టు ఎంత కిందికి ఉంటే చెయ్యి అంత ఎక్కువ ఒంటి గుడ్డను మోసుకుపోతుంది. కుట్టు చంకకు దగ్గరగా, పైన ఉంటే చెయ్యి విడిగా కదులుతుంది. చంకలో ఒత్తుకుపోనంత దూరం చాలు, సుమారు ఒక వేలు వెడల్పు.

అయితే పట్టేస్తున్నది ఎక్కడ? కింద కాదు, రెండు చోట్ల. ఒకటి ముందు వంపు, భుజానికీ చంకకీ మధ్యలో గుడ్డ ఎక్కువైంది. రెండోది చెయ్యి లావు. ప్రయోగంలో అది 12½కి వచ్చింది, ఒంటికన్నా అర అంగుళమే ఎక్కువ. సరిచేసిన తీరు:

1. చంక కింద దించిన అర అంగుళాన్ని ముక్క అతికి మళ్లీ పైకి తెచ్చాం.
2. ముందు వంపును మాత్రం పావు అంగుళం లోపలికి తీశాం. వెనక వంపును ముట్టుకోలేదు.
3. చంక దగ్గర చెయ్యి లావును 13½ చేశాం.
4. చంక చుట్టు కొలిచి 16½ దగ్గర ఉంచి, చెయ్యి గుండ్రాన్ని దానికి సరిపడా మళ్లీ గీశాం.

ఇప్పుడు చెయ్యెత్తితే పట్టీ అర అంగుళం లేచింది. చీర కట్టుకున్నాక అది కనిపించదు. కత్తిరించేసిన గుడ్డను అసలు జాకెట్టులో ఇలా అతకలేం. మీటరు లైనింగు ఖర్చు ఇందుకే.

ఇప్పటిదాకా లెక్క: చీర గుడ్డ 80 సెం.మీ., లైనింగు 1 మీ. 80 సెం.మీ. చంక మూడుసార్లు కుట్టాం, రెండుసార్లు విప్పాం. పనికొచ్చిన జాకెట్లు: 0.

దశ 6: టైలరుకు ఇచ్చిన చీటీ

ప్రయోగం జాకెట్టు, నానబెట్టిన గుడ్డలు, ఒక చీటీ కలిపి ఇచ్చాం. చీరతో వచ్చిన ముక్క అయిపోయింది కాబట్టి రంగు కలిసే నూలు గుడ్డ మీటరు తీసుకున్నాం. చీటీలో రెండు భాగాలు. మొదటిది కుట్టయ్యాక జాకెట్టు ఉండాల్సిన కొలత: ఛాతీ 37¼, ఛాతీ కింద 31½, భుజం 14, పొడవు 14, చంక చుట్టు 16½, చెయ్యి లావు 13½, చెయ్యి అంచు 11¾, ముందు మెడ 6½. పైన "ఇవి జాకెట్టు కొలతలు, లూజు కలిపేశాం" అని పెద్దగా రాశాం. రాయకపోతే ఒంటి కొలతలనుకుని ఆయన తన లూజు తాను కలుపుతాడు.

రెండో భాగం టేపుకు అందనివి:

1. కట్ సాదాయే. గుడ్డ చాలకో మరెందుకో మార్చాలనిపిస్తే కోసే ముందు ఫోను చెయ్యాలి.
2. పక్క కుట్ల లోపల అంగుళమున్నర గుడ్డ వదలాలి. చంక దగ్గర, చెయ్యి కుట్టులో కూడా అంతే, లేకపోతే ఒళ్లు వదులు చేసినా చెయ్యి వదులు కాదు.
3. వెనక మెడ ఆదిలో ఉన్నంతే, 8. అది సాగలేదు.
4. భుజం పట్టీ వెడల్పు బ్రా పట్టీని కప్పాలి.
5. హుక్కులు ముందు, ఆరు. ఆదిలో అయిదే ఉన్నాయి. సందులు పడే చోట ఒకటి కలిపాం.
6. పొడవు నడుము పట్టీతో కలిపి 14. పట్టీ విడిగా కొలిచే అలవాటు కొందరికుంది.

ఒకటో అంశం, రెండో అంశం నోటితో కూడా చెప్పి ఒప్పించుకున్నాం. "లోపల అంత గుడ్డ వదిలితే మందంగా ఉంటుందండి" అన్నాడు మాస్టారు. అది సబబే. అందుకే లైనింగుకు ముప్పావు చాలన్నాం, పై గుడ్డకు మాత్రం అంగుళమున్నర.

శ్రావణమాసం పెళ్లిళ్ల ముందు ఇలాంటి చీటీ ఇస్తే ఎవరూ చదవరు. పని తక్కువున్న రోజుల్లో, పగటిపూట, బల్ల దగ్గర నిలబడి ఇవ్వాలి.

దశ 7: మూడోది, సరిపోయింది

హుక్కులు కుట్టకముందే ఒకసారి తొడిగి చూశాం. కూర్చుని వంగడం, చేతులు పైకెత్తి కొప్పు ముడవడం, లోతుగా ఊపిరి పీల్చడం, మూడూ చేయించాం. నిలబడి అద్దంలో చూసుకుంటే మెడ జారుడు తెలియదు. కుడి పక్క డాటు చివర పావు అంగుళం పైకి పోయింది, అది దించాం. ఇంకేమీ మార్చలేదు.

మూడు ఉతుకుల తర్వాత: ఛాతీ 37 1/8, చెయ్యి అంచు 11¾, పొడవు 14. బుడగ లేదు. హుక్కుల మధ్య సందులు లేవు. చెయ్యెత్తితే పట్టీ అర అంగుళమే లేస్తోంది.

మొదటి జాకెట్టును కూడా దక్కించుకున్నాం. పక్క కుట్లు విప్పి, కుట్టయ్యాక ముప్పావు అంగుళం వెడల్పు మిగిలేలా అదే రంగు సాదా గుడ్డ పట్టీలు రెండు పక్కలా వేశాం. ఛాతీ 35½ నుంచి 37 అయింది. పట్టీని చంక దగ్గర ఆపకుండా చెయ్యి కుట్టులోకి కూడా నడిపించాం, చెయ్యి కూడా ముప్పావు పెరిగి 11½ అయింది. చేతులు దించితే అతుకు కనబడదు. మెడను మాత్రం ఏమీ చేయలేకపోయాం, 7¼ అలాగే ఉంది. పిన్ను పెట్టుకోవాలి.

మొత్తం లెక్క: గుడ్డ 1 మీ. 80 సెం.మీ., పట్టీలకు చిన్న ముక్క, లైనింగు 2 మీ. 80 సెం.మీ. పనికొచ్చిన జాకెట్లు: ఒకటి పూర్తిగా, ఒకటి పిన్నుతో.

పాత ఆదిని ఇక టైలరుకు ఇవ్వం. ప్రయోగం జాకెట్టు మీద కొలతలు, తేదీ పెన్నుతో రాసి, చీటీ దానికే కుట్టి, తొడగకుండా, ఉతక్కుండా విడిగా పెట్టాం. ఇకమీదట ఇచ్చే ఆది అదే, సాదా కట్‌కి మాత్రమే.